నేను పుట్టిన ఊరు

ఆ శుక్రవారం సాయంత్రం ఐదు గంటలకు ఎం.ఏ. కౌన్సెలింగ్ వెబ్‌సైటు మూసేస్తారు. ఆలోగా కాలేజీల ఆప్షన్లు పెట్టుకోకపోతే, ఎంట్రన్సులో ఎంత మంచి ర్యాంకు వచ్చినా సీటు రాదు. నేను గురువారం పొద్దున ఆళ్ళగడ్డలో మా ఇంటి మెట్ల మీద కూర్చుని ఫోన్లో తెరవబోయాను. పాస్‌వర్డు అడిగింది. నాకు తెలియదు.

నిజానికి ఎప్పుడూ తెలియదు. దరఖాస్తు నింపింది మా వీధి చివరి నెట్ సెంటర్ అన్న. హాల్ టికెట్టూ, ర్యాంకు కార్డూ ఆయన కంప్యూటర్ లోంచే వచ్చాయి. పాస్‌వర్డు ఆ కంప్యూటర్ గుర్తుపెట్టుకునేది. నేను పక్కన బల్ల మీద కూర్చుని, ప్రింటర్ కాగితాన్ని నెమ్మదిగా బయటికి తోస్తుంటే చూసేదాన్ని. రెండు నెలల కిందట ఆ సెంటర్ మూతపడింది.

'పాస్‌వర్డు మర్చిపోయారా' నొక్కితే రెండు దారులు చూపించింది. మొదటిది ఫోనుకు ఓటీపీ. అది వెళ్ళేది నాయన పాత నంబరుకి. రీఛార్జి చేయక ఆ సిమ్ము ఎప్పుడో ఆగిపోయింది. రెండోది ఒక ప్రశ్న. మీరు పుట్టిన ఊరు ఏది?

ఇంత తేలికైన ప్రశ్నా అని నవ్వుకున్నాను. బర్త్ సర్టిఫికెట్లో ఉన్నట్టు నంద్యాల అని కొట్టాను. తప్పు అంది.

వంటింట్లోకి వెళ్ళి అమ్మను అడిగాను. ఆమె వంకాయలు కోస్తోంది.

"నేను యాడ పుట్టినానమ్మా?"

"ఇప్పుడెందుకే? సంజామల కాడ, మీ అవ్వోళ్ళ ఇంట్లో నొప్పులొచ్చినాయి. తొలికాన్పు గదా, పుట్టింట్లోనే ఉంటి. మీ తాత జీపు మాట్లాడినాడు. నంద్యాల ఆసుపత్రికి అని బయల్దేరితే, యాగంటి దారి మళ్ళే కాడికి వచ్చేసరికే నువ్వు వచ్చేస్తివి. ఎప్పుడూ తొందరే నీకు."

"మరి సర్టిఫికెట్లో నంద్యాల అని ఉంది."

"ఆడికి పోయినాక రాసినారు. జీపులో పుట్టిందని రాస్తారా ఏంది?"

నాకు తొందర అని అమ్మ ఒక్కతే అంటుంది. తక్కినవాళ్ళందరికీ నేను నోరు విప్పని పిల్లను. ఆ మాట పట్టుకుని ఆ జీపును ఊహించుకున్నాను. ఏ ఊరి పొలిమేరలోనూ కాకుండా, రెండు ఊళ్ళ మధ్య, కదులుతున్న బండిలో. కిటికీ అవతల నాపరాళ్ళ గోడలు వెనక్కి పోతుంటాయి. ఎవరో తువ్వాలు పరుస్తారు. అప్పటికి ఇంకా పేరు లేని నేను, పేరు లేని ఒక మలుపులో మొదటిసారి ఏడ్చి ఉంటాను. ఇంతకాలం ఈ సంగతి ఎందుకు అడగలేదా అనిపించింది.

మెట్ల మీదికి వచ్చి సంజామల అని కొట్టాను. తప్పు. దరఖాస్తులో చిరునామా ఆళ్ళగడ్డే కదా, అన్న అదే రాసి ఉంటాడనుకుని ఆళ్ళగడ్డ కొట్టాను. మూడోసారీ తప్పు. ఎకౌంటు ఇరవై నాలుగు గంటల పాటు లాక్ చేస్తున్నామని ఎర్రటి అక్షరాలు వచ్చాయి. అప్పుడు టైము పదకొండున్నర.

మర్నాడు పొద్దున సర్టిఫికెట్లన్నీ సంచిలో పెట్టుకుని నంద్యాల బస్సెక్కాను. అక్కడ ఒక కాలేజీలో కౌన్సెలింగ్ హెల్ప్‌లైన్ సెంటర్ పెట్టారు. బస్సు కిటికీలోంచి వరిమళ్ళు కదిలిపోతుంటే, ఒక్కో ఊరి బోర్డూ నన్నే అడుగుతున్నట్టుంది, ఈడ పుట్టినావా, ఈడ పుట్టినావా అని. దేనికీ అవునని చెప్పలేకపోయాను.

సెంటర్లో కంప్యూటర్ ముందు ఒక మేడం కూర్చుని ఉంది. వరసలో నిలబడి, చెప్పాల్సిన నాలుగు వాక్యాలు మనసులో పదిసార్లు అనుకున్నాను. తీరా నా వంతు వచ్చేసరికి రెండే బయటికొచ్చాయి.

"మేడం, లాక్ అయింది. పుట్టిన ఊరు తప్పంటోంది."

"నీ ఊరు నీకు తెల్దా?" అందామె తల ఎత్తకుండానే. వెనకున్న ఇద్దరమ్మాయిలు నవ్వారు.

"మీకు కనపడుతుందేమో అని..."

"మాకేం కనపడదమ్మా. జవాబు కలిసిందా లేదా అనే చెప్తాది ఇది. ఏం రాసినావో నాకు గాదు, ఎవరికీ కనపడదు. ఫోన్ నంబరు మార్చాలంటే అర్జీ పెట్టాల, వారం పడ్తాది. నీకు సాయంత్రం దాకే టైముంది." నా దరఖాస్తు ప్రింటు తీసుకుని తిరగేసింది. వెనక వంకర టింకరగా నెట్ సెంటర్ రబ్బరు స్టాంపు ఉంది. "ఫారం నింపింది నువ్వా?"

"కాదు మేడం, నెట్ సెంటర్ అన్న."

"ప్రశ్న నిన్నడిగినాడా?"

గుర్తు చేసుకున్నాను. పేరు అడిగాడు, నాయన పేరు అడిగాడు, మార్కులు అడిగాడు. పుట్టిన ఊరు అడగలేదు. లేదన్నట్టు తలూపాను.

"అడగల్యా. మరి నీ తలలో వెతుకుతావేంది? స్టాంపు మీద నంబరుంది, చెయ్."

ఎవరికైనా ఫోన్ చేయాలంటే నాకు జంకు. వరండా చివరికి వెళ్ళి, రెండుసార్లు నంబరు కొట్టి చెరిపేసి, మూడోసారి చేశాను. అవతల పిల్లల అరుపులు, బస్సు హారన్లు.

"అన్నా, ఆళ్ళగడ్డ నుంచి. ఎం.ఏ. ఎంట్రన్స్ ఫారం నింపినారే..."

"చెప్పు పాపా. మా ఊరికి వచ్చేసినా. బెలుం గుహల కాడ కూల్‌డ్రింకుల అంగడి పెట్టుకున్యా."

ప్రశ్న సంగతి చెప్పాను. ఆయన పెద్దగా నవ్వాడు.

"దానికా? రోజుకు యాభై ఫారాలు నింపుతాంటి. ఒక్కొక్కర్ని అడుగుతా కూర్చుంటే అయ్యేదేనా? మీరు మర్చిపోతారు, నేను మర్చిపోను గదా. అందుకే అందరికీ నేను పుట్టిన ఊరే కొట్టేటోన్ని. బెలుం."

"అందరికీనా?"

"అందరికీ. ఆళ్ళగడ్డ పిల్లోల్లంతా ఈడనే పుట్టినారు."

ఒక్క క్షణం వరండా, ఎండ, వరస అన్నీ దూరంగా జరిగాయి. సున్నపురాతి గుహలో చల్లటి చీకటి. పైకప్పు నుంచి నీటి బొట్టు ఎంతో ఆలస్యంగా రాలుతోంది. ఆ చీకట్లోంచి చేతిలో దరఖాస్తులు పట్టుకుని మా ఊరి పిల్లలందరూ ఒక్కొక్కరుగా వెలుగులోకి వస్తున్నారు. వాళ్ళలో నేనూ ఉన్నాను.

"ఏయ్ పాపా, ఉండావా?"

"ఉన్నానన్నా."

ఫోను చెవి దగ్గరే పెట్టుకుని లోపలికి వెళ్ళాను. పదకొండున్నర దాటింది, లాక్ విడిపోయింది. మేడం కీబోర్డు నా వైపు తోసింది. ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో బెలుం అని కొట్టాను. తప్పు. ఇంకా రెండుసార్లే కొట్టొచ్చు.

"తప్పంటోందన్నా."

"అట్లెట్లంటాది? ఉండు ఉండు. సర్టిఫికెట్లో మాదిరి పేర్లన్నీ పెద్ద అక్షరాల్లోనే కొట్టాల గదా. పొద్దున క్యాప్స్ లాక్ ఒత్తితే అంగడి మూసే దాకా తీసేటోన్ని గాదు. అన్నీ పెద్దవే కొట్టి చూడు."

కొట్టాను. తెర ఒకసారి తెల్లగా అయి, కొత్త పాస్‌వర్డు పెట్టుకోమంది.

"వచ్చింది" అన్నాను. ఫోన్లో ఆయనతో అన్నానో, మేడంతో అన్నానో నాకే తెలియలేదు. ఇద్దరూ ఒకేసారి మంచిది అన్నారు.

పాస్‌వర్డు పెట్టుకుంటుంటే మేడం మొహం పక్కకు తిప్పుకుంది. తర్వాత నా డిగ్రీ మార్కుల మెమో చూస్తూ, ఏ కాలేజీ ముందో ఏది తర్వాతో అడగకుండా నన్నే పెట్టనిచ్చింది. నేను మనసులో ఎన్నాళ్ళుగానో పేర్చుకున్న వరసనే పెట్టాను. సేవ్ నొక్కి, ప్రింటు తీసుకుని లేచేసరికి పన్నెండు దాటింది. సీటు రావచ్చు, రాకపోవచ్చు. సీటు అడిగేవాళ్ళలో నేనూ ఉన్నాను, అది చాలు.

"నీ ప్రశ్న కూడా మార్చుకో ఇంటికి పోయినాక" అంది మేడం. "నెక్స్ట్."

నా వెనక నవ్విన ఇద్దరిలో ఒకమ్మాయి వచ్చి కూర్చుంది. తనకీ పాస్‌వర్డు తెలియదట, ఊరు ఆళ్ళగడ్డేనట. కళ్ళల్లో అప్పుడే నీళ్ళు తిరుగుతున్నాయి. తను కీబోర్డు మీద చెయ్యి పెట్టింది. నేను గుమ్మం దాకా వెళ్ళినదాన్ని వెనక్కి వచ్చి, ఎవరూ పిలవకుండానే తన కుర్చీ పక్కన వంగాను.

"ఆగండి, ఏం కొట్టొద్దు" అన్నాను. "మీ ఫారం నింపింది ఎవరు?"