సుగుణమ్మకు ఒక్క వరుస

1993లో మహబూబ్‌నగర్‌లో నాకు టైపు దుకాణం ఉండేది. జడ్చర్లలో నూలుకు రంగులద్దే యూనిట్ పెట్టాలనుకున్న ఖుద్దూస్, సుగుణమ్మ బ్యాంకుకిచ్చే ప్రాజెక్టు రిపోర్టు నా దగ్గరే టైపు చేయించారు. భాగస్వాముల పరిచయాల పేజీలో ఖుద్దూస్‌కు పదిహేను వరుసలు వచ్చాయి. ఎమ్మెస్సీ, మందుల కంపెనీలో నాలుగేళ్లు. ముప్పై ఏళ్లుగా రంగులద్దుతున్న సుగుణమ్మకు ఒక్కటే వరుస: గృహిణి, కీర్తిశేషులు దశరథ గారి భార్య. అలా రాయమన్నది ఆమే.

మేనేజరు రిపోర్టు తిప్పి పంపాడు. "మందులు చేసినాయన సరే, రంగులద్దేది ఎవరు?" అన్నాడట.

ఒకే పేజీ మళ్లీ కొట్టమంటే నాకు ఒళ్లు మంట. ఖుద్దూస్ తన వరుసలు సగం తీసేయించి, ఆమె వైపు తిరిగాడు.

"పెద్దమ్మా, నువ్వేం పని చేసినవో చెప్పు."

"ఏం చేసిన? ఇంట్లనే ఉన్న."

"నూలు రంగు దిగితే ఊరోళ్లు ఎవరి దగ్గరికొస్తరు?"

"నా దగ్గరికే."

అక్కణ్నుంచి ఒక్కొక్కటే అడిగి రాబట్టాడు. ఇంగ్లీషులో కొట్టిన పేజీని చివరికి ఆమెకు తెలుగులో చదివి వినిపించాడు. "ఉతికినా దిగని పక్కా రంగులద్దడంలో ముప్పై ఏళ్ల అనుభవం. భర్త దశరథ దగ్గర పని నేర్చుకున్నారు."

ఆ చివరి మాట ఆమె చెప్పలేదు. అతను ఊహించి చెప్పాడు, నేను ఆలోచించకుండా కొట్టాను.

బస్సుకని లేచిన సుగుణమ్మ ఉస్సూరుమంటూ మళ్లీ బెంచీ మీద కూలబడింది.

"గా మాట తప్పు బిడ్డా. ఆయనకు నేనే నేర్పిన."

నేను మిషన్‌లో కొత్త కాగితం పెట్టాను.