చెవి పక్కన చెదిరిన వెంట్రుకలు

రాయచూరులో నాది చిన్న ఫొటో స్టూడియో. ఒక మధ్యాహ్నం మట్మారి నుంచి ఒక పెద్దాయన కూతురితో వచ్చాడు. భార్య పోయి నెల. గోడకు పెట్టడానికి ఫొటో పెద్దది చేయాలన్నాడు. కూతురు పంపిన కాపీ తెరమీద తెరిచాను. పత్తి చేను గట్టున నవ్వుతున్న ఆవిడ, వెనకంతా మసక.

పెద్దాయన తెర దగ్గరికి వంగాడు.

"ఈడ ఎంటికలు లేవు సార్. ఆమెవి ఉంగరాలు ఉంగరాలుగ ఎగురుతుండె. ఎవరన్న కత్తిరించిన్రా?"

"ఫోనే కత్తిరించింది, పెద్దాయనా. ఒక కన్ను మూసి నీ వేలు చూడు. ఇప్పుడు రెండో కన్నుతో చూడు. వేలు జరిగినట్లుంది కదా? దూరంగా ఉన్న గోడ అంత జరగదు. ఇలా మసక వేసే ఫోన్‌కు రెండు లెన్సులు. రెండింటిలో ఏది ఎంత జరిగిందో చూసి అది ఎంత దూరమో అంచనా వేస్తుంది. దూరమనుకున్నదాన్ని మసక చేస్తుంది."

"మరి ఎంటికలు ఆమెవే కదా? దగ్గరనే ఉన్నయి కదా?"

"ఆ దూరాల అంచనా ముతకగా ఉంటుంది. వెంట్రుక సన్నం. ఫొటో అంతా చుక్కలే; ఒక్క చుక్కలో సగం వెంట్రుక, సగం చేను. దగ్గరో దూరమో తేల్చుకోలేక చేనుతో కలిపేసింది."

ఆయన, ఆమె చెవి పక్కన ఆ ఖాళీ మీద వేలు పెట్టి నిలబడ్డాడు.

నేను కూతురి చేతిలోని ఫోన్ చూపి అడిగాను: "ఫొటో తీసిన ఫోన్ ఇదేనా, అమ్మా?"

ఇదేనంది. కొన్ని ఫోన్లు మసక లేని చిత్రాన్నీ, దూరాల అంచనానూ లోపల దాచుకుంటాయి; పంపిన కాపీలో అవి రావు. ఆ ఫోన్ గ్యాలరీలో మసక తగ్గించే జారుడు గీత దొరికింది. సున్నాకు జరిపాను. చెవి పక్కన వెంట్రుకలు ఒక్కొక్కటే గాలిలో తేలాయి. వెనక చేను తేటపడింది. చేనులో నడుముకు సంచి కట్టుకుని ఒక మనిషి వంగి ఉన్నాడు.

"ఆడ ఉన్నది నేనే," అన్నాడు పెద్దాయన. "ఆ పొద్దు నన్ను పిలిచింది, వచ్చి ఫొటోల నిలబడు అని. ఈ సాలు ఏరుడు అయినంక వస్త అన్న."

కూతురు ఆయన భుజం పట్టుకుంది.

"దండ వేసే ఫొటోల నువ్వుండొద్దు, నాయనా," అంది.

రెండు ఫొటోలు చేశాను. పెద్దదానిలో ఆమె ఒక్కతే. వెంట్రుకల చుట్టూ అంచును చేత్తోనే గీసుకుంటూ, వెనక నేను మసక వేశాను. సాయంత్రమైంది. చిన్నదానిలో ఇద్దరూ. ఆయన చిన్నదాన్నే జేబులో పెట్టుకున్నాడు.

వాళ్లు వెళ్లాక నా ఫోన్‌లో ఉన్న మా అమ్మ ఫొటో తెరిచాను. ఎవరో పంపిన కాపీ. తీసిన ఫోన్ ఎప్పుడో పాడైపోయింది. కుడి చెవి మీద అమ్మకు ఎప్పుడూ నిలవని నెరిసిన పాయ ఒకటుండేది. అక్కడ మసకే ఉంది. గీయగలను, చేయి తిరిగిన పనే. కానీ అది నేను గీసిన పాయ అవుతుంది. అందుకే ఆ మసకనే చూస్తుంటాను.