ఎత్తి తాగిన నీళ్ళు

ఎంగిలి గురించి నాకు పాఠం చెప్పినవాడు, పాడైన రొయ్యల్ని నా మంచం కింద దాయించిన పెద్దమనిషి. ఇన్నేళ్ళయినా తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

భీమవరం పక్కన రొయ్యల చెరువుల గట్ల మీద పెరిగినవాణ్ణి. హోటల్ మేనేజ్‌మెంట్ డిప్లొమా పట్టుకుని, బొంబాయి ఏజెంటు ద్వారా టూరిస్టులు తిరిగే పెద్ద ఓడ ఎక్కాను. గ్యాలీ అంటారు ఓడ వంటింటిని. అందులో గిన్నెలు తోమే పని. కాంట్రాక్టు తొమ్మిది నెలలు, అన్ని రోజులూ పనే. పొద్దున ఒక విడత, మధ్యాహ్నం కాస్త నిద్ర, సాయంత్రం నుంచి మళ్ళీ గిన్నెలు. గడువయ్యాక జీతం లేని సెలవు మీద ఇంటికి పంపుతారు. తిరిగి పిలవడమన్నది చివర్లో చెఫ్ రాసే మాట మీద ఉంటుంది. మా చెఫ్, "వచ్చే కాంట్రాక్టులో నిన్ను వంటలోకి తీసుకుంటాను" అన్నాడు. ఆ మాట కోసం ఏడు నెలలు నోరెత్తకుండా తోమాను.

శుభ్రత నియమాల మీద నాకు కోపం లేదు. కడగడానికి ఒక తొట్టి, జాడించడానికి ఒకటి, క్రిములు చచ్చే మందునీళ్ళలో ముంచడానికి ఒకటి. చేతులు కడిగే సింకులో చెంచా కూడా కడక్కూడదు. రుచి చూసిన చెంచా మళ్ళీ కూరలో పెట్టకూడదు. ఇందులో సగం మా అమ్మ ఎంగిలి అన్న ఒక్క మాటతో చిన్నప్పుడే నేర్పింది.

అమెరికా రేవుల్లో ఆరోగ్యశాఖ వాళ్ళు చెప్పాపెట్టకుండా తనిఖీకి వస్తారు. వందకి మార్కులేస్తారు, ఎనభై అయిదు దాటకపోతే ఓడ ఫెయిలైనట్టే. ఆ రోజు పొద్దున వాళ్ళు మెట్లెక్కుతున్నారని కబురు రాగానే చెఫ్ ముఖం పాలిపోయింది. ఒక కోల్డ్ రూము తలుపు రబ్బరు పోయి రాత్రంతా చల్లదనం నిలవలేదు. లోపల ఒలిచిన రొయ్యల ట్రేలున్నాయి. నాలుగు గంటలు మించి అలా ఉన్నవి పారెయ్యాలి. పారేస్తే పైవాళ్ళకి లెక్క చెప్పాలి కదా. అందుకని మా కేబిన్లకి మోయించాడు. నా మంచం కిందకీ రెండు ట్రేలు వచ్చాయి.

ఆ తర్వాత బ్రేకుల్లేవు. ఆవిర్లలో చొక్కా పిండితే నీళ్ళు కారేలా ఉంది. గొంతెండిపోయి, కడిగిన స్టీలు జగ్గులో నీళ్ళు పట్టి, ఇంట్లో చెంబు ఎత్తినట్టు ఎత్తి గొంతులో పోసుకున్నాను. పెదవి తగలనే లేదు. తల దించేసరికి ఎదురుగా ఇన్‌స్పెక్టరు రాసుకుంటోంది.

మూత, స్ట్రా ఉన్న గ్లాసులో, కేటాయించిన చోటే తాగాలి. నిజమే, నియమం తప్పాను. ఆ గ్లాసు దాకా వెళ్ళడానికి పొద్దుట్నుంచీ నన్ను కదలనివ్వలేదన్నది మాత్రం ఎవరూ రాసుకోలేదు. వాళ్ళు వెళ్ళాక చెఫ్ అందరి ముందూ నిలబెట్టి, ఉమ్ము వల్ల జబ్బులెలా వస్తాయో వివరంగా చెప్పాడు. వార్నింగు కాగితం మీద సంతకం పెట్టించాడు. గురివింద గింజకి తన నలుపు తెలీదంటారు. ఈయనకి బాగా తెలుసు, నా మంచం కిందే పెట్టించాడు.

సాయంత్రం ఇంకో మాట వచ్చింది. ట్రేలు పైకి తెమ్మన్నాడు, డిన్నరుకట.

కేబిన్లో మూత తీస్తే వాసన గుప్పుమంది. ఆ వాసన నాకు కొత్తా? నాతో ఉండే కడియం అన్నయ్య సలాడ్ల దగ్గర పనిచేసేవాడు, మూడో కాంట్రాక్టు. తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు.

"ఊరుకో తమ్ముడూ. ఇచ్చెయ్. రెండు నెలలు కళ్ళు మూసుకుంటే వంటలో ఉంటావు."

"తినేవాళ్ళు మనవాళ్ళు కాదనా అన్నయ్యా?"

"అలా అన్నానా నేను? మనకెందుకూ అంటున్నాను."

నాకెందుకంటే, రేపు వాళ్ళకి వాంతులు పట్టుకుంటే గిన్నెలు సరిగా కడగలేదని మొదట పట్టుకునేది నన్నే. పట్టుకోకపోయినా సరే, అవి మనుషులు తినేవి కావు. రెండు ట్రేలూ మోసుకెళ్ళి, చెఫ్ చూస్తుండగానే మిగుళ్ళు నూరే మిషన్లో కుమ్మరించాను. నా వెనకే అన్నయ్య వచ్చాడు. తన ట్రే కూడా అందులోనే వంచాడు.

ఈసారి చెఫ్ వార్నింగు కాగితం తియ్యలేదు. ఏమని రాస్తాడు, రొయ్యలు మా కేబిన్లో ఎందుకున్నాయని రాస్తాడా?

ఓడ పాసైంది. మిగిలిన రెండు నెలలూ గిన్నెలు తోమి ఇంటికొచ్చాను. పిలుపు కోసం చూసి చూసి, చివరికి ఎస్టీడీ బూతు నుంచి ఏజెంటుకి ఫోను చేశాను. కాగితం తీసి చదివాడు.

"మళ్ళీ తీసుకోవద్దని రాశారండి. శుభ్రత తెలియని మనిషట."