వరండాలో పడిపోయిన ఆక్సిజన్

ఆసుపత్రిలో ఊపిరితిత్తుల పరీక్షలు చేసేది నేనే కాబట్టి, మా అక్క భర్తకూ నేనే చేయాల్సి వచ్చింది. ఓడల తుప్పు వదిలించడానికి గాలి ఒత్తిడితో ఇసుక కొట్టే పనిలో బావ ఇరవై ఏళ్లున్నాడు. అద్దాల గదిలో కూర్చుని, నేనిచ్చిన గ్యాసు పీల్చి, పది సెకన్లు బిగబట్టి వదిలాడు. మామూలుగా రక్తంలోకి దాటాల్సిన దాంట్లో సగమే దాటింది.

"రక్తంలో కార్బన్ డయాక్సైడ్ బాగుందన్నారు గదా, మరేటి?" అన్నాడు.

"అది తడిలో బాగా కరుగుతాది బావా, గోడ మందమైనా దాటిపోతాది. ఆక్సిజన్ అంత కరగదు. ఆ ఇసుక దుమ్ముకి నీ గాలితిత్తుల గోడలు మందమైపోనాయి. కొన్ని పాడైపోయి, గాలి దాటే సోటే తగ్గిపోయింది."

కూర్చున్నప్పుడు రక్తంలో తొంభై అయిదు శాతం ఉన్న ఆక్సిజన్, వరండాలో ఆరు నిమిషాలు నడిచేసరికి ఎనభై నాలుగుకి పడిపోయింది.

"నడిసింది రాయకు. కాయితం చూత్తే కంట్రాక్టరు తీసేత్తాడు. పిల్ల ఇంకా సదువుతంది."

రాయకపోతే మళ్లీ ఆ ఇసుకలోకే వెళ్తాడు. రాస్తే అక్క ముఖం చూడలేను. చివరికి ఎనభై నాలుగు అనే రాశాను.

పని పోయింది. అక్క నాలుగు నెలలు నాతో మాట్లాడలేదు. ఇప్పుడు బావ ఆక్సిజన్ మెషీను గొట్టం ఎంత పొడుగుంటే అంతమేరే ఇంట్లో తిరుగుతున్నాడు. పీల్చే గాలిలో ఆక్సిజన్ పెరిగితే మందం గోడనైనా ఇంకొంచెం దాటుతుందని చెప్పాను.

"గోడ మళ్లీ పలసబడదా?" అని అడిగాడు.

"పడదు బావా" అన్నాను.