ఎర్ర దారం ముక్క

అరకులోయలో కుట్టుమిషన్ పెట్టుకున్న సోనికి కూర్చుంటే కుదురు లేదు, నిలబడితే నిలకడ లేదు. కొత్త గిరాకీని పంపినవాళ్లకు కమీషన్ ఇస్తానంది. ఎవరు పంపారో తెలియాలని పంపేవాళ్లకు మనిషికో రంగు దారం ముక్కలు పంచి, కొత్తగా వచ్చేవాళ్లు ఆ ముక్క తేవాలంది. అదివరకు పైసా తీసుకోకుండా ఎందరినో పంపిన దేముడమ్మది ఎర్రదారం. అది ఒక్కటీ రాలేదు.

సంతలో చింతపండు అమ్ముకుంటున్న ఆమెను నిలదీసింది.

"ఏటి పిన్నీ, నా కుట్టు బాగోలేదా?"

"బాగుంది గుంటా. డబ్బు తీసుకుని సెప్తే నా మాట ఎవులు నమ్ముతారు?"

సోని ముఖం మాడిపోయింది. అక్కడికక్కడే పద్ధతి మార్చేసింది. కమీషన్ లేదు, దారం తెచ్చిన కొత్త మనిషికే మొదటి జాకెట్టు సగం కూలికి కుడతానంది.

మరుసటి సంతనాడు దేముడమ్మే కొట్టు గుమ్మంలో నిలబడింది.

"బేగి దారం ఇయ్యే గుంటా. నాకాడ అయిపోనాది."