మైనస్ పదమూడు

మా ఆరోగ్య కేంద్రంలో కంప్యూటర్ ముందు కూర్చునేది నేనొక్కదాన్నే. మాచర్ల వైపు నుంచి ఎవరొచ్చినా, దుర్గి వైపు నుంచి ఎవరొచ్చినా "కంప్యూటరమ్మని అడగండి" అనేవాళ్లు. ఆ పిలుపుకు నేను లోలోపల పొంగిపోయేదాన్ని. ఇప్పుడు దాచుకోవడం దేనికి, ఆ పొగరే నా కొంప ముంచబోయింది.

పాత కంప్యూటర్ డిసెంబరులో చచ్చిపోయింది. దాంతోపాటే గర్భిణుల జాబితా కూడా పోయింది. కొత్తది బిగించిన రోజే, ఊళ్ల నుంచి నర్సమ్మలు ఎప్పుడెప్పుడో వాట్సాప్‌లో పంపిన జాబితాలన్నీ వెతికి షీట్‌లో అతికించాను. ఒక్కొక్కరికీ చివరిసారి నెలసరి వచ్చిన తేదీ ఉంటుంది. దానికి రెండు వందల ఎనభై రోజులు కలిపితే కాన్పు తేదీ వస్తుంది. ఫార్ములా ఒకసారి రాసి కిందికి లాగితే చాలు, పాత మెషీన్‌లో రెండు నిమిషాల పని.

ఇందులో సగం గళ్లు మొరాయించాయి. తేదీలు చూడ్డానికి తేదీల్లాగే ఉన్నా గడిలో ఎడమ పక్కకు ఒదిగి కూర్చున్నాయి. అంటే షీట్ వాటిని ఉత్త అక్షరాలుగా చూస్తోందన్నమాట. వాటికి రోజులు కలపమంటే తప్పు తప్పని అరిచింది. మిగతా సగం బుద్ధిగా కుడి పక్కన నిలబడి కాన్పు తేదీలు ఇచ్చేశాయి. ఏడ్చే బిడ్డకే పాలంటారు. ఎడమ పక్కన ఏడుస్తున్న వాటినే దగ్గరికి తీసుకున్నాను. రోజు, నెల, సంవత్సరం విడదీసి ఒక్కోదాన్ని నిజం తేదీగా మార్చాను. ఏడవని వాటి వంక తిరిగి చూడలేదు.

సాయంత్రానికి జాబితా ప్రింటు తీసి నర్సమ్మలకిచ్చాను. "ఇదే ఫైనల్. మీ పుస్తకాల్లో తేడా ఉంటే దీన్ని చూసి దిద్దుకోండి" అన్నాను. ఆ మాట అన్నది నేనే.

ఫిబ్రవరి మూడో తారీకు పొద్దున డాక్టరుగారు ఇంకో లెక్క అడిగారు. మూడు నెలలు నిండకముందే పేరు నమోదు చేయించుకున్నవాళ్లు ఎంతమంది? నమోదు తేదీలోంచి నెలసరి తేదీ తీసేస్తే రోజులొస్తాయి. ఫార్ములా లాగాను. డెబ్బయి, అరవై రెండు, తొంభై ఒకటి. ఒక గడిలో మాత్రం అంకె లేదు, అడ్డగీతలూ నిలువుగీతలూ వల అల్లినట్టు నిండిపోయాయి. గడి ఇరుకైందేమోనని వెడల్పు చేశాను. వల ఇంకా పొడుగైంది. తేదీగా కాకుండా అంకెగా చూపించమన్నాను.

మైనస్ పదమూడు.

నవ్వొచ్చింది. ఆఖరి నెలసరికి పదమూడు రోజుల ముందే గర్భిణిగా పేరు రాయించుకున్న మహాతల్లి ఎవరా అనుకున్నాను. గడి మీద నొక్కి చూశాను. నమోదు జులై ఇరవై మూడు. అది అప్పట్లో ఎడమ పక్కన ఏడిస్తే నేను సరిచేసింది. నెలసరి ఆగస్టు ఐదు. అది ఏడవలేదు, దాన్ని నేను ముట్టుకోలేదు.

బీరువాలోంచి చేత్తో రాసిన రిజిస్టరు తీశాను. అందులో ఎనిమిది, గీత, ఐదు. మే ఎనిమిదో తారీకు.

నవ్వు అక్కడే ఆగిపోయింది. కొత్త మెషీన్‌లో తేదీ అమెరికా పద్ధతిలో ఉంది, ముందు నెల, తర్వాత రోజు. పన్నెండు దాటిన తేదీలొస్తే, అన్ని నెలలు లేవు గనక, దానికి అర్థంకాక అక్షరాలుగా వదిలేసింది. పన్నెండు లోపు వాటిని మాత్రం రోజును నెలగా, నెలను రోజుగా చక్కగా తిప్పేసి నోరు మూసుకుంది. ఏడో నెల ఏడో తారీకు లాంటివి ఒకటో రెండో అదృష్టం కొద్దీ బతికిపోయాయి. నేను మంచివనుకున్నవే నివురుగప్పిన నిప్పులు.

వేళ్ల మీద లెక్కపెట్టాను. నమ్మకం చాలక గోడ మీది క్యాలెండర్ మీద మళ్లీ పెట్టాను. మే ఎనిమిదికి రెండు వందల ఎనభై కలిపితే ఫిబ్రవరి పన్నెండు. నా జాబితాలో మే పన్నెండు అని ఉంది. నికరంగా తొమ్మిది రోజులే ఉన్నాయి. ఆ వరసలో చివరి గడి చదివాను. ఇది రెండో కాన్పు, మొదటిది పెద్ద ఆపరేషన్. రెండేళ్లు కూడా కాలేదు. అలాంటివాళ్లకు నొప్పులు రాకముందే ఆసుపత్రిలో చేర్చాలి. ఇంటి దగ్గర నొప్పులొస్తే పాత కుట్టు లోపలే తెగిపోవచ్చు.

ఆ ఊరి నర్సమ్మకు ఫోన్ చేశాను. ఇరవై ఏళ్ల సర్వీసు ఆమెది, దేనికీ తొణకదు.

"ఏందమ్మా, ఆ పిల్లకి ఇంకా మూణ్ణెల్లుందిగా. మిరపకోతలకి పోయింది, బెల్లంకొండ అవతలకి."

"మూణ్ణెల్లు కాదక్కా. తొమ్మిది రోజులు. నేను తప్పు చేశాను."

"పొట్ట చానా పెద్దగుంటే కవలలేమో అనుకున్నానే" అంది. ఫోన్ పెట్టేసి, దొరికిన ఆటో ఎక్కి కేంద్రానికి వచ్చేసింది.

ఆ పిల్ల ఫోన్ పనిచేయడం లేదు. కోత ముఠాను తీసుకెళ్లిన మేస్త్రి నాలుగోసారికి ఎత్తాడు. "పొద్దుట్నుంచి నడుం పట్టేసిందని పనికి రాలేదమ్మా. కల్లం కాడ పండుకొని ఉంది" అన్నాడు. అతనికది మామూలు మాట. అవి నొప్పులేనని నర్సమ్మకు మాత్రం తెలిసిపోయి మొహం తుడుచుకుంది.

అంబులెన్సు అక్కడికి పంపమని చెప్పి, మేమిద్దరం మా వాహనంలో బయల్దేరాం. దారి పొడుగునా రెండు పక్కలా ఎర్రగా ఆరబోసిన మిరపకాయలే. ఘాటుకు కళ్లు మండుతున్నాయని తుడుచుకున్నాను. అది ఘాటు కాదు, భయం. జీవితంలో అంతగా ఎప్పుడూ భయపడలేదు.

మేం చేరేసరికి ఆమెను అంబులెన్సు ఎక్కిస్తున్నారు. పెదాలు తెల్లబడ్డాయి, రెండు చేతులతో పాత కుట్టు పట్టుకుని ఉంది. నరసరావుపేట పెద్దాసుపత్రిలో నేరుగా ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్లారు. గంట తర్వాత డాక్టరమ్మ బయటికొచ్చి, కుట్టు కాగితమంత పలచనైందనీ, ఇంకో గంట ఆలస్యమైతే ఇద్దరూ దక్కేవాళ్లు కాదనీ చెప్పింది. ఆడపిల్ల. తల్లీ బిడ్డా ఉన్నారు.

ఆ రాత్రికే వెనక్కొచ్చి, రిజిస్టరు పక్కన పెట్టుకుని ప్రతి పేరూ మళ్లీ కొట్టాను. తేదీ తిరగబడ్డవాళ్లందరికీ తెల్లారి ఒక్కొక్కరికీ ఫోన్ చేసి క్షమించమని అడిగాను. అంత దగ్గరపడ్డవాళ్లు ఇంకెవరూ లేరు.

మూడోరోజు ఆమెను చూడ్డానికి వెళ్లాను. దిండు కింద తల్లీబిడ్డల కార్డు ఉంది. తీసి చూశాను. కాన్పు తేదీ దగ్గర నిరుడు జులైలో నర్సమ్మ రాసిన ఫిబ్రవరి పన్నెండు. దాన్ని అడ్డంగా కొట్టేసి, పైన నీలిసిరాతో మే పన్నెండు. నా జాబితా చూసి దిద్దింది.

కార్డు పట్టుకుని నిలబడిపోయాను. ఆమె నన్ను గుర్తుపట్టింది.

"నాకు తెలస్తానే ఉందక్కా, నెల్లు నిండినయ్యని" అంది మెల్లగా. "కంప్యూటర్‌లో మే అని ఉందన్నారు. సదువుకున్నోళ్లు గదా, నా లెక్కే తప్పేమోలే అని కోతకి పోయినా."