టీచరమ్మ చూపిన సాక్ష్యం

మనవరాలి స్కూలు టైంటేబుల్లో సంగీతం లేకపోవడం చూడగానే, చిన్నప్పుడు నేను చదివిన బహదూర్‌పురా బడిలో ఒక బుధవారం ఉదయం పదకొండుంపావు గుర్తొచ్చింది.

సంగీతం పీరియడ్లు లెక్కలకిస్తామన్నారు ప్రిన్సిపాల్. వద్దంటూ, పిల్లలందరిచేత కలిపి పాడించే కోయిర్ టీచరమ్మ ఆయనకు ఉత్తరం రాసింది: "పాట ఉన్న రోజుల్లో హాజరు ఎక్కువ, పట్టీ జతచేశాను. పాటలో పాదం పాదానికీ ఊపిరి తీసుకోవడం నేర్చాక ఒక పిల్లకు నత్తి తగ్గింది, చదివించి చూడండి."

ఆ పిల్లను నేనే.

"చదువు బిడ్డా, ఫికర్ చెయ్యకు," అన్నారు ప్రిన్సిపాల్, ఆ బుధవారం నన్ను తన గదికి పిలిపించి పుస్తకం చేతికిచ్చి.

జ్వరం తగ్గితే మందు ఆపుతారు కదా. బాగా చదివితే కోయిర్ నుంచి తీసేస్తారనుకున్నాను. కావాలనే నత్తిగా చదివాను.

"గిదేంది టీచరమ్మా, తగ్గిందంటిరి?"

"నిన్న మంచిగ చదివింది సార్," అంటూ ఆమె నా వీపు నిమిరింది.

పోయినవి: వారానికి రెండు పీరియడ్లు, ముప్పై ఆరుగురు పిల్లల కోయిర్, టీచరమ్మ ఉద్యోగం.